నీళ్లు తక్కువ, చల్లదనం ఎక్కువ: సమోసా పైపొర గుల్లగా రావాలంటే

(వంట నేర్చుకునేవారి ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో వాళ్లు కుర్చీలు కాస్త దగ్గరికి జరుపుకోండి. ఈ బల్ల మీద రెండు గిన్నెలున్నాయి, అవి మీకు కనబడాలి. వెనక కూర్చున్న వాళ్లకు నేను చెబుతూ ఉంటాను. ఆ తర్వాత గిన్నెలు మీ దగ్గరికే పంపిస్తాను, చేత్తో పట్టుకుని చూద్దురు గాని.

రెండింట్లోనూ పావు కిలో మైదా, ఒక చెంచా ఉప్పు. అక్కడి వరకూ రెండూ ఒకటే. ఎడమ పక్క గిన్నెలో పిండి చూడండి. నున్నగా, మెత్తగా, నొక్కితే గుంట పడి మళ్లీ పైకి లేస్తోంది. కుడి పక్కది చూడండి. గరుకుగా ఉంది, అంచుల్లో పగుళ్లున్నాయి, ఇంకాస్త నీళ్లు పోస్తే బాగుండేది అనిపిస్తోంది. ఇప్పుడు చెప్పండి, సమోసాకి మీరైతే ఏది తీసుకుంటారు? మొహమాటపడకండి, చేతులెత్తండి. ఊఁ... ఎక్కువ మంది ఎడమదే అంటున్నారు. నేననుకున్నదే. చపాతీ పిండి కలిపి అలవాటైన చెయ్యికి నున్నటి పిండే మంచి పిండి. సమోసాకి మాత్రం ఆ నున్నటి పిండే శత్రువు. ఆ ఎడమ గిన్నెతో చేస్తే నూనెలో వెయ్యగానే పైనంతా పొక్కులొస్తాయి. వేడి మీద బాగానే ఉన్నట్టుంటుంది, అరగంట పోయాక కొరికితే సాగుతుంది. అవునా, కాదా? మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది.

ఎందుకలా అవుతుంది? మైదాలో ఉండే ప్రోటీన్లు నీళ్లు తగలగానే ఒకదాన్నొకటి పట్టుకుని సాగే వలలా తయారవుతాయి. దాన్నే గ్లూటెన్ అంటాం. రొట్టెకి అది కావాలి. చపాతీకి కావాలి. సమోసా పైపొరకీ, పై అని, పిండి పొరలో పళ్లో కూరో పెట్టి ఓవెన్‌లో చేస్తారే, దాని పైపొరకీ అది మరీ ఎక్కువైతే పనికిరాదు. గ్లూటెన్ పెరగడానికి రెండే కావాలి. ఒకటి నీళ్లు, రెండోది మర్దన. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే. నీళ్లు తక్కువ పొయ్యచ్చు, పిసకడం తగ్గించచ్చు. మరి నెయ్యి ఎందుకు? రుచికా? రుచి సరే. అసలు పని వేరే ఉంది. నీళ్లు తగలకముందే నెయ్యి పిండి రేణువుల మీద పూతలా పడుతుంది. పూత పడిన చోటికి నీళ్లు సులువుగా చేరవు. నీళ్లు చేరకపోతే వల అల్లుకోదు. అల్లిక తెగిపోయిన చోటల్లా పొర విరుగుతుంది. కొరికినప్పుడు గుల్లగా విరిగేది అందుకే. అందుకే వరస ముఖ్యం. ముందు నెయ్యి, తర్వాత నీళ్లు. మళ్లీ చెబుతున్నాను, ముందు నెయ్యి, తర్వాత నీళ్లు. రెండూ ఒకేసారి పోసి కలిపితే నెయ్యి వేసిన ప్రయోజనం సగం పోయినట్టే.

సరే, కుడి పక్క గిన్నెలో నేనేం చేశానో వివరంగా చెబుతాను. కావలసినవాళ్లు రాసుకోండి.

మైదా 250 గ్రాములు. నెయ్యి 60 గ్రాములు, అంటే పిండిలో నాలుగో వంతుకి కాస్త తక్కువ. ఉప్పు ఒక చెంచా, వాము అర చెంచా. నీళ్లు 80 నుంచి 90 మిల్లీలీటర్లు. ఇదే మైదాని మెత్తగా కలపాలంటే 150 దాకా పడతాయి. ఎడమ గిన్నెలో పోసింది అంతే. తేడా చూశారా? దాదాపు సగానికి తగ్గించాం.

నెయ్యి పేరుకుని ఉండాలి. కరిగించి పొయ్యకూడదు. ఇక్కడ కొందరికి సందేహం వస్తుంది. "మేం ఎప్పుడూ వేడి నెయ్యో, కాగిన నూనో పోసే కలుపుతాం, బాగానే వస్తుంది కదా" అని. వస్తుంది, కాదనను. కరిగిన నెయ్యి ప్రతి రేణువుకీ పట్టేస్తుంది. అప్పుడు పైపొర పొడిపొడిగా, బిస్కెట్‌లాగా గుల్లగా వస్తుంది. కానీ పొరలు రావు. పొరలు కావాలంటే పిండిలో అక్కడక్కడ నెయ్యి విడిగా మిగలాలి. విడిగా మిగలాలంటే గట్టిగా ఉండాలి. గట్టిగా ఉండాలంటే చల్లగా ఉండాలి. చల్లదనం గురించి అందరూ చెబుతారు, ఎందుకో మాత్రం చెప్పరు. సంగతి ఇంతే. నెయ్యి పిండిలో కలిసిపోకుండా ముక్కలుగా నిలబడాలి. కర్రతో ఒత్తినప్పుడు ఆ ముక్కలు పల్చటి రేకుల్లా అణుగుతాయి. వేగేటప్పుడు ఆ రేకులు కరుగుతాయి, పైనా కిందా ఉన్న పిండి విడివిడిగా ఉండిపోతుంది. పొర అంటే అదే.

అయితే ఆ ముక్క ఎంత సైజుండాలి? ఇక్కడ సమోసాకీ పైకీ దారులు వేరవుతాయి. ఓవెన్‌లో పెట్టే పైకి బఠాణీ గింజంత ముక్కలున్నా ఫర్వాలేదు, ఇంకా మంచిది కూడా. సమోసాకి అంత పెద్ద ముక్క పనికిరాదు. దాన్ని మనం నూనెలో మునిగేలా వేస్తున్నాం కదా. పెద్ద ముక్క కరిగి బయటికి పోతే ఆ చోట కన్నం పడుతుంది. కన్నంలోంచి నూనె లోపలికి పోయి కూరని ముంచేస్తుంది. అందుకని సమోసాకి పెసరగింజ కన్నా పెద్ద ముక్క మిగలనివ్వకూడదు. ఎక్కువ భాగం రవ్వలా అవ్వాలి, మధ్యమధ్య పెసరగింజంతవి తగలాలి.

చేసే పద్ధతి చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన నెయ్యిని చెంచాతో పెచ్చుల్లా గీకి మైదా మీద వేశాను. వేళ్ల చివర్లతో పైకెత్తుతూ నలుపుతున్నాను. అరచెయ్యి తగలనివ్వట్లేదు, గమనించారా? అరచెయ్యి వేడిగా ఉంటుంది. నెయ్యి కరగడానికి మన ఒంటి వేడి చాలు. రెండు మూడు నిమిషాలకి పిండి రవ్వరవ్వగా అయింది. ఇప్పుడు గుప్పెడు తీసుకుని పిడికిలి బిగిస్తాను. చూడండి, ముద్ద నిలబడింది. వేలితో తోస్తే విరిగి రాలిపోయింది. నిలబడకపోతే నెయ్యి తక్కువైనట్టు, ఇంకో చెంచా వెయ్యండి. తోసినా విరగకుండా జిడ్డుగా అంటుకుంటే నెయ్యి కరిగిపోయినట్టు. అప్పుడు గాభరాపడి ఇంకా పిండి పొయ్యకండి. గిన్నెని అలాగే తీసుకెళ్లి ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలం అయితే మైదాని, గిన్నెని కూడా ముందే చల్లబరచుకోవడం తెలివైన పని.

ఆ వెనక ఎవరో అడుగుతున్నారు... నూనె చల్లబరిచి పోస్తే? చాలామంది అడిగే ప్రశ్నే. మామూలు వంటనూనె ఫ్రిజ్‌లో చల్లబరిచినా దాదాపు ద్రవంగానే ఉంటుంది కదమ్మా. ముక్కగా నిలబడదు. గుల్లదనం వస్తుంది, పొరలు రావు. వెన్న అంటారా, వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లే ఉంటాయి. ఓవెన్‌లో ఆ నీళ్లు ఆవిరై పొరల్ని లేపుతాయి కాబట్టి పై వంటకానికి మంచిదే. సమోసాకి వెన్న వేస్తే ఆ నీళ్లని కూడా లెక్కలో వేసుకుని, పోసే నీళ్లు తగ్గించాలి. వనస్పతితో బాగా వస్తుంది. నెయ్యి కన్నా కాస్త ఎక్కువ వేడికి కరుగుతుంది కాబట్టి చేతికి ఇబ్బంది పెట్టదు. కానీ చల్లారాక నాలుకకి మైనంలా తగులుతుంది. నాకు నచ్చదు. మీ ఇష్టం.

ఇక నీళ్లు. ఇక్కడ తొందరపడే వాళ్లే ఎక్కువ. ఐస్ వేసి చల్లబరచిన నీళ్లు తీసుకోండి, నెయ్యి కరగకుండా ఉండడానికే. 80 మిల్లీలీటర్లు కొలిచి పెట్టుకున్నాను. సగం ఒకేసారి చల్లాను. పొయ్యలేదు, చల్లాను. ఒకే చోట పోస్తే అక్కడ జిగురు ముద్ద అయి, పక్కన పొడిపిండి మిగిలిపోతుంది. వేళ్లు విడదీసి కలియబెట్టాను. ఆ తర్వాత ఒక్కో చెంచా. ఎప్పుడు ఆపాలి? పిండి ముద్దగా కూడితే చాలు. నున్నగా అయ్యేదాకా కాదు. గిన్నె అడుగున కాస్త పొడి మిగిలినా సరే, ముద్దతో అద్ది తీసేయండి. మైదా పాతదైతే, గాలిలో తేమ ఎక్కువుంటే నీళ్లు ఓ చెంచా అటూ ఇటూ అవుతాయి. అందుకే 80 నుంచి 90 అన్నాను. 90 దాటుతోందంటే మాత్రం ఆగి ఆలోచించండి. నెయ్యి సరిగ్గా నలపలేదేమో.

పిసకద్దు. దగ్గరికి నొక్కండి, మడిచి ఇంకోసారి నొక్కండి, అంతే. ఇదిగో ఈ పగుళ్లున్న ముద్దని చూస్తే మీ చెయ్యి ఊరుకోదు. ఇంకో రెండు చెంచాల నీళ్లు పోసి సాపు చేద్దామనిపిస్తుంది. చెయ్యకండి. ఈ పగుళ్ల సంగతి మనం కాదు, కాలమే చూసుకుంటుంది.

అదే నానబెట్టడం. తడిబట్ట గట్టిగా పిండి, కప్పి, చల్లని చోట అరగంట ఉంచాలి. ఎండాకాలంలో ఫ్రిజ్‌లోనే. ఈ అరగంటలో లోపల ఏం జరుగుతుంది? కొన్ని చోట్ల నీళ్లు ఎక్కువున్నాయి, కొన్ని చోట్ల అసలు చేరలేదు. మెల్లమెల్లగా తేమ అంతటికీ సర్దుకుంటుంది. ఇందాక పొడిగా కనబడిన పిండే, చుక్క నీళ్లు పొయ్యకుండానే, మెత్తబడుతుంది. ఇక రెండోది. మనం ఎంత తక్కువ పిసికినా కొంత గ్లూటెన్ బిగుసుకుని ఉంటుంది. ఆ బిగువు సడలుతుంది. నానని పిండిని ఒత్తి చూడండి, కర్ర తియ్యగానే వెనక్కి ముడుచుకుంటుంది. ముడుచుకుంటోందని మనం ఇంకా గట్టిగా ఒత్తుతాం. అది ఇంకా బిగుసుకుంటుంది. చివరికి వేగేటప్పుడు సమోసా కుంచించుకుని, అతుకు దగ్గర విచ్చుకుంటుంది. అతుకు సరిగ్గా అంటించలేదని మనం అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం నానకపోవడమే.

నానిందో లేదో ఎలా తెలుస్తుంది? వేలితో నొక్కండి. గుంట అలాగే ఉండిపోవాలి. ఇందాక ఎడమ గిన్నెలో గుంట పైకి లేచింది, గుర్తుందా? అలా లేస్తే ఇంకో పది నిమిషాలు ఉంచండి.

ఫ్రిజ్‌లో పెట్టినవాళ్లకి ఒక మాట. తీసిన వెంటనే ఒత్తకండి. నెయ్యి రాయిలా ఉంటుంది, పిండి పెళుసుగా విరుగుతుంది. ఐదు పది నిమిషాలు బయట ఉంచితే లొంగుతుంది. చల్లగా ఉండాలి, గడ్డకట్టి ఉండకూడదు.

ఒత్తడం గురించి ఎక్కువ చెప్పను. ఈ కొలతకి ఆరు ఉండలొస్తాయి. ఒక్కోటి కోలగా, పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు 15 దాకా ఒత్తి, మధ్యకి కోస్తే రెండు సమోసాలు. మొత్తం పన్నెండు. మందం రెండు మిల్లీమీటర్ల పైనే ఉండాలి. పల్చగా ఒత్తితే పొక్కులొస్తాయి. పొడిపిండి చల్లకుండా ఒత్తండి, నెయ్యి ఉంది కాబట్టి పీటకి అంటుకోదు. అంటుకుంటోందంటే పిండి వేడెక్కిందని అర్థం. కూర పూర్తిగా చల్లారాకే పెట్టండి. వేడి కూర పెడితే లోపలి నుంచి నెయ్యి కరుగుతుంది, ఆవిరి పట్టి పైపొర లోపలి వైపు పచ్చిగా ఉండిపోతుంది. ఇంత కష్టపడి చల్లగా ఉంచింది కూర దగ్గర పోగొట్టుకుంటామా? చుట్టిన సమోసాలని కప్పకుండా ఓ పావుగంట ఆరనివ్వండి. పైన కాస్త ఆరితే పొక్కులు తగ్గుతాయి.

ఇప్పుడు సెగ. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే పై చేసే పద్ధతీ సమోసా చేసే పద్ధతీ ఇక్కడ పూర్తిగా ఎదురెదురు.

పైని బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెడతారు, 200 డిగ్రీల పైన. నెయ్యి, వెన్న ముక్కలు పెద్దవి కదా, అవి కరిగి కారిపోయేలోపే చుట్టూ ఉన్న పిండి గట్టిపడాలి. లోపలి నీళ్లు చటుక్కున ఆవిరై పొరల్ని లేపాలి. ఓవెన్ చల్లగా ఉంటే కొవ్వంతా ట్రేలోకి కారి, పైపొర చప్పగా కూలబడుతుంది. అక్కడ వేడి స్నేహితుడు.

సమోసాకి అదే వేడి ఇస్తే? పైభాగం నిమిషంలో గట్టిపడుతుంది. లోపలి నీళ్లకి దారి ఉండదు. ఆవిరి పొరకి కిందనే చిక్కుకుని ఉబ్బుతుంది. అదే పొక్కు. రంగు వచ్చేసింది కదా అని తీసేస్తాం, లోపల పచ్చిగానే ఉంటుంది. చల్లారేటప్పటికి ఆ తేమ పైకి వచ్చి మెత్తబడిపోతుంది. అందుకే సమోసా సన్న సెగ మీద మొదలవ్వాలి, నూనె 130, 140 డిగ్రీలుంటే చాలు. థర్మామీటర్ లేకపోతే చిన్న పిండి ముక్క వెయ్యండి. వెంటనే పైకి తేలితే నూనె వేడెక్కువ. అడుగుకి పోయి, చిన్నచిన్న బుడగలొస్తూ, నెమ్మదిగా పైకి రావాలి. సమోసాలు వేసినప్పుడు చప్పుడే ఉండదు. ఏదో పాడైందని భయపడకండి, అది అలాగే ఉండాలి. నీళ్లు తీరిగ్గా బయటికి పోతున్నాయి. పది పన్నెండు నిమిషాలకి బుడగలు తగ్గుతాయి, అంటే తేమ పోయిందన్నమాట. అప్పుడు సెగ పెంచి రంగు తెప్పించండి, రెండు మూడు నిమిషాలు. మొదటి వాయి తీశాక నూనె బాగా వేడిగా ఉంటుంది. రెండో వాయి వెంటనే వెయ్యకండి. మొదటి వాయి బాగుండి రెండోదానికి పొక్కులొచ్చాయంటే కారణం ఇదే, పిండిలో లోపం కాదు.

మీలో ఒకరు అడగబోతున్నారు, తెలుసు... సన్న సెగ మీద నూనె పీల్చదా? పీల్చేది వేడి తక్కువైనందుకే కాదు. నీళ్లు ఎక్కువుండి, అవి బయటికి పోయిన చోటల్లా ఖాళీ ఏర్పడితే అక్కడ నూనె చేరుతుంది. మన పిండిలో నీళ్లే తక్కువ. అయితే మరీ 120 కన్నా తగ్గిపోతే, గంటల తరబడి నాననిచ్చినట్టు నూనెలో ఉంచితే జిడ్డవుతుంది. దానికి హద్దు ఉంది.

ఇంకెవరైనా? చెప్పండి బాబూ. కోసిన అంచులు, ముక్కలు మిగిలితే మళ్లీ కలిపి ఒత్తచ్చా? ఒత్తచ్చు. ముద్ద చేసి పిసకొద్దు. ఒకదాని మీద ఒకటి పేర్చి నొక్కి, పావుగంట మళ్లీ కప్పి ఉంచి ఒత్తండి. మొదటిదంత గుల్లగా రాదు. ఇంట్లో వాళ్లకి పెట్టండి, ఏమీ అనరు.

ముందు రోజు చుట్టి పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. ఫ్రిజ్‌లో కన్నా ఫ్రీజర్‌లో పెట్టడం మేలు. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంటే కూరలో తడి పైపొరకి పట్టేస్తుంది. ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పెట్టి, గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చండి. వేయించేటప్పుడు కరగనివ్వకుండా అలాగే నూనెలో వెయ్యండి. కరగనిస్తే పైన నీరు పట్టి పొక్కులొస్తాయి. నూనె కొంచెం చల్లబడుతుంది కాబట్టి ఒక్కో వాయికి నాలుగైదే వేసి, సన్న సెగ మీద ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచండి. ఇదిగో, గిన్నెలు అటు పంపిస్తున్నాను. రెండింటినీ వేలితో నొక్కి చూడండి, ఈలోగా నేను నూనె పెడతాను.